ఆజానుబాహుడి నడుము నొప్పి

మా క్లినిక్ నల్లకుంటలో ఒక పాత ఇంటి ముందు గదిలో ఉంటుంది. గుమ్మం ఎత్తు ఆరున్నర అడుగులు. ఆ కుర్రాడు లోపలికి వస్తూ తల వంచాడు, వెళ్తూ వంచాడు. గుమ్మం అలాంటిది కాబట్టి వంచాడు అనుకున్నాను. వారం తర్వాత వీధి చివర టీ కొట్టు దగ్గర కనిపించాడు. నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా మెడ ముందుకే ఉంది, భుజాలు గుండ్రంగా వంగే ఉన్నాయి. ఇరవై ఆరేళ్ల వయసు, 196 సెంటీమీటర్ల ఎత్తు, 81 కిలోల బరువు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారాలు వాలీబాల్. ఎనిమిది నెలలుగా నడుము నొప్పి.

నేను ఫిజియోథెరపిస్టుని. బాగా పొడుగైనవాళ్ల నడుము నొప్పులు మాకు కొత్తేం కాదు. కుర్చీ మార్చి, వంగే పద్ధతి మార్చి, నాలుగు వ్యాయామాలు నేర్పితే చాలామందికి తగ్గుతుంది. ఇతన్నీ ఆ లెక్కలోనే వేశాను. ఆ లెక్క సగం సరిపోయింది, సగం తప్పింది. అతను ఒప్పుకున్నాడు కాబట్టే, ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి, రెండు సగాలూ రాస్తున్నాను.

ముందు సరిపోయిన సగం. నా ఎత్తు 168. మా వాష్‌బేసిన్ అంచు నేల నుంచి 80 సెంటీమీటర్లు. ముఖం కడుక్కోవడానికి నేను నలభై డిగ్రీలు వంగితే సరిపోతుంది. అతను అరవై దాకా వంగాలి. తేడా ఇరవై డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ నడుముకు అది అలా అనిపించదు. నడుముకు పైనున్న నా శరీరం బరువు సుమారు 33 కిలోలు. నలభై డిగ్రీలు వంగినప్పుడు ఆ బరువు నడుము కీలుకు 19 సెంటీమీటర్లు ముందుకు వెళ్తుంది. దాన్ని వెనక నుంచి పట్టి ఆపే కండరాలు మాత్రం వెన్నుపూసకు ఐదు సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఒక చెయ్యి పొడుగ్గా, ఇంకో చెయ్యి పొట్టిగా ఉన్న తక్కెడ లాంటిది. ముప్పై మూడు కిలోలను నిలపడానికి పొట్టి చేతి వైపు 125 కిలోల లాగుడు కావాలి. అతని లెక్క వేరు. పై బరువు 45 కిలోలు, అది ముందుకు వెళ్లే దూరం 30 సెంటీమీటర్లు. కండరాల దూరం మాత్రం ఆరే. లాగుడు 225 కిలోలు. ఈ లాగుడంతా నడుము పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌ను నొక్కుతుంది. ఇవి ఉజ్జాయింపు అంకెలే. పళ్లు తోముకునే రెండు నిమిషాలు అతని డిస్క్ దాదాపు రెండింతల భారం ఎందుకు మోస్తోందో అర్థం కావడానికి ఇవి చాలు.

ఇక్కడ గెలీలియో 1638లో చెప్పిన మాట ఒకటి గుర్తుచేసుకోవాలి. ఒక జంతువును అదే ఆకారంలో పెద్దది చేస్తే బరువు ఎత్తుకు ఘనంగా పెరుగుతుంది, ఎముక అడ్డుకోత వైశాల్యం వర్గంగా మాత్రమే పెరుగుతుంది అని. నన్ను ఉన్నదున్నట్టు సాగదీసి 196 చేస్తే నా 60 కిలోలు 95 అవుతాయి. కానీ పొడుగువాళ్లు అలా పెరగరు, సన్నగా పెరుగుతారు. ఇతను 81 కిలోలే. కాబట్టి ఎముక వైశాల్యాన్ని బట్టి చూస్తే దాని మీద నిలువుగా పడే భారం నాకంటే పెద్దగా ఎక్కువేమీ కాదు. మరి తేడా ఎక్కడ? పొడుగాటి సన్నటి వెదురుకర్రను నిలబెట్టి నెత్తిన బరువు పెడితే మోస్తుంది, పక్కకు వంచితే తట్టుకోలేదు. పొడుగువాళ్ల నడుమూ అంతే. నిలబడితే బాధ లేదు, వంగినప్పుడే వస్తుంది చిక్కంతా. మన ఊళ్లో మగవాళ్ల సగటు ఎత్తు 165 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. వంటగట్టు నుంచి బస్సు సీటు దాకా అన్నీ ఆ ఎత్తును బట్టే కడతారు. 196 ఉన్న మనిషి రోజంతా వంగి ఉండాల్సిందే.

ఆఫీసులో టేపు పెట్టి కొలిచి ఫొటోలు పంపమన్నాను. కుర్చీ సీటు నేల నుంచి 45 సెంటీమీటర్లు. షూ వేసుకుంటే అతని మోకాలి మడత 51 దగ్గర ఉంటుంది. అంటే కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తాయి. అప్పుడు కటి వెనక్కి దొర్లుతుంది, నడుములో సహజంగా ఉండే లోపలి వంపు పోతుంది, డిస్క్ ముందు వైపు నలిగి వెనక్కి ఉబ్బుతుంది. పైగా సీటు లోతు చాలదు కాబట్టి తొడల్లో సగానికే ఆసరా. టేబుల్ 75. దాని మీద లాప్‌టాప్ తెర మధ్యభాగం 90 దగ్గర. కూర్చున్నప్పుడు అతని కళ్లు 140 దగ్గర. రోజుకు తొమ్మిది గంటలు తన కళ్లకు అర మీటరు కిందున్న తెరలోకి చూస్తున్నాడు.

కుర్చీని పూర్తిగా పైకి లేపించాను, 52 వచ్చింది. టేబుల్ కాళ్ల కింద దిమ్మలు పెట్టడానికి ఆఫీసులో ఒప్పుకోలేదు. విడిగా కీబోర్డు కొనుక్కున్నాడు. లాప్‌టాప్‌ను ఏం పెట్టి ఎత్తాలా అని ఆలోచిస్తుంటే వాళ్లమ్మ గారు ఇంట్లో భోజనాలకు వాడే రెండు చెక్కపీటలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఇచ్చారు. వేల రూపాయల స్టాండ్లు చేసే పని అవి చక్కగా చేశాయి. బేసిన్ దగ్గర ఒక కాలు ముందుకు పెట్టి, మోకాళ్లు వంచి, ఎడమ చెయ్యి అంచు మీద ఆనించడం నేర్పాను. ఆ చేతి మీద పది కిలోల భారం పడినా నడుములో లాగుడు చాలా దిగిపోతుంది. మంచం ఆరడుగుల మూడంగుళాలు, రాత్రంతా ముడుచుకుని పడుకునేవాడు. కాళ్ల వైపు చెక్క తీయించి పరుపుకు ఒక దిండు జోడించారు.

ఆరు వారాల్లో పదికి ఏడున్న నొప్పి మూడుకు దిగింది. మోకాళ్లు కూడా నొప్పి అన్నాడు. అవి వాలీబాల్ మోకాళ్లు. పదే పదే ఎగిరేవాళ్లకు మోకాలి చిప్ప కింద స్నాయువు దెబ్బతినడం మామూలే. తొడ ఎముక పొడుగైన కొద్దీ, నేలకు దిగేటప్పుడు మోకాలు వంగితే ఆ స్నాయువు మీద పడే లాగుడు పెరుగుతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. ఒక్కటి మాత్రం నోటు పుస్తకంలో రాసుకున్నాను. మోకాళ్లు, మోచేతులు వెనక్కి ఎక్కువగా వంగుతున్నాయి, పాదాలు చదునుగా ఉన్నాయి. రాసుకున్నాను గానీ దాని గురించి ఆలోచించలేదు.

రక్తప్రసరణ విషయం అతనే ఎత్తాడు. సాయంత్రానికి చీలమండల దగ్గర సాక్స్ అచ్చు లోతుగా పడుతుందనీ, నేల మీద నుంచి గబుక్కున లేస్తే కళ్లు చీకట్లు కమ్ముతాయనీ. ఇదీ ఎత్తుకు సంబంధించిన లెక్కే, పెద్ద కష్టమైంది కాదు. మన ఒంట్లో రక్తం ఒక నిలువు నీటి గొట్టంలాంటిది. ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు అడుగున సుమారు 0.77 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి చేరుతుంది. కదలకుండా నిలబడితే గుండె నుంచి చీలమండ దాకా నాకు 113 సెంటీమీటర్లు, అంటే కాలి సిరలో 87 ఒత్తిడి. అతనికి 132 సెంటీమీటర్లు, 102 ఒత్తిడి. నడిస్తే పిక్క కండరాలు రక్తాన్ని పిండి పైకి తోస్తాయి కాబట్టి ఇది చాలా పడిపోతుంది. నిలబడిపోయినా, కుర్చీకి అతుక్కుపోయినా పడిపోదు. పొడుగువాళ్లలో కాలి సిరలు ఉబ్బడం, సిరల్లో రక్తం గడ్డకట్టడం ఎక్కువగా కనిపిస్తాయంటే దీని పాత్ర ఉంది. దూరపు విమాన ప్రయాణంలో మధ్య సీటులో ఇరుక్కున్న ఆరున్నర అడుగుల మనిషి గంటకోసారి లేచి నడవాలని అడగడానికి మొహమాటపడకూడదు. పై వైపు లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. గుండె నుంచి మెదడు దాకా ఎక్కించాల్సిన ఎత్తు ఎక్కువ కాబట్టి లేచిన క్షణంలో బీపీ కొంచెం తగ్గినా అతనికి తెలుస్తుంది, నాకు తెలియదు.

గుండె విషయంలో పొడుగు రెండు వైపులా పనిచేస్తుంది. గుండె రక్తనాళాలు పూడుకుపోయి వచ్చే గుండెపోటు పొడుగువాళ్లలో కొంచెం తక్కువ. గుండె పై గదులు లయ తప్పి అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మాత్రం ఎక్కువ. శరీరం పెద్దదైతే ఎడమ పై గదీ పెద్దదవుతుంది, పెద్ద గదిలో విద్యుత్ సంకేతం దారి తప్పడానికి చోటెక్కువ. జన్యువుల ఆధారంగా చేసిన పెద్ద అధ్యయనాలు కూడా ఈ రెండింటినీ బలపరిచాయి. అయితే ఇవి లక్షల మందిని కలిపి చూస్తే కనబడే తేడాలు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు వీటికి నిద్ర మానుకోనక్కర్లేదు.

ఇంతవరకు కథ ఇక్కడే ఆగుతుందనుకున్నాను. కానీ పదికి మూడుగా మిగిలిన ఆ నొప్పి తగ్గలేదు. వంగితే వచ్చే నొప్పి పోయింది. ఎక్కువసేపు నిటారుగా నిలబడితే వచ్చేది, పడుకుంటే సర్దుకునేది, ఒక్కోసారి తలనొప్పిని వెంటబెట్టుకొచ్చేది మిగిలింది. డిస్క్ నొప్పి సాధారణంగా ఇలా ఉండదు. వంగితే, కూర్చుంటే ఎక్కువవుతుంది. ఇది తిరగబడి ఉంది.

అతను మొదటి రోజే ఒక ఎంఆర్‌ఐ కవరు తెచ్చాడు. వేరేచోట ఆరు నెలల కిందట తీయించింది. దాన్ని తీసి మళ్లీ చదివాను. ముగింపు పేరాలో ‘ఎల్5-ఎస్1 దగ్గర స్వల్ప డిస్క్ బల్జ్’ అని ఉంది. అతనికి డాక్టరు చెప్పిందీ, నేను చదివిందీ ఆ ఒక్క వాక్యమే. దానికి పైన, వివరాల్లో నాలుగో లైన్‌లో ఇంకో మాట ఉంది. ‘సేక్రమ్ స్థాయిలో డ్యూరల్ ఎక్టేసియా, వెన్నుపూస వెనక అంచు నొక్కుకుపోయింది.’ ముగింపులో దాని ఊసే లేదు. వెన్నుపాము నరాలను, ద్రవాన్ని పట్టి ఉంచే సంచి అడుగున ఉబ్బింది అని దాని అర్థం. నిలబడితే ద్రవం ఒత్తిడి ఆ అడుగు భాగంలోనే పడుతుంది. పొడుగైన మనిషిలో ఆ సంచి ఎందుకు ఉబ్బాలి? సంచి గోడ వదులుగా ఉంటేనే. ఒక్క సంచి గోడే వదులుగా ఉంటుందా?

అప్పుడు తీశాను టేపు. గోడకు ఆనించి నిలబెట్టి రెండు చేతులూ చాపమన్నాను. మధ్యవేలి కొస నుంచి మధ్యవేలి కొస దాకా 207 సెంటీమీటర్లు. మామూలుగా చేతుల చాపు ఎత్తుకు దాదాపు సమానంగా ఉంటుంది. ఇక్కడ 207ను 196తో భాగిస్తే 1.056. అనుమానించాల్సిన గీత 1.05 దగ్గర ఉంది. తర్వాత కటి ముందు ఎముక నుంచి నేల దాకా కొలిచాను, 108. పై భాగం 88. నిష్పత్తి 0.81, ఇక్కడి గీత 0.85 కంటే తక్కువ. బొటనవేలిని అరచేతిలో మడిచి పిడికిలి బిగించమంటే వేలి గోరు మొత్తం చిటికెన వేలి వైపు బయటికి వచ్చింది. ఒక చేత్తో ఇంకో మణికట్టు చుట్టూ పట్టుకోమంటే బొటనవేలు చిటికెన వేలి గోరును పూర్తిగా దాటి కప్పేసింది. కళ్లద్దాలు మైనస్ ఐదున్నర.

“మా నాయనమ్మ నన్ను ఆజానుబాహుడు అనేది సార్,” అన్నాడు నవ్వుతూ. మోకాళ్ల దాకా చేతులున్నవాడని. రాముణ్ని వర్ణించే మాట. పొడుగైన పిల్లవాణ్ని చూసి పెద్దవాళ్లు మురిసిపోయి అనే మాట. నా చేతిలో టేపు చెప్పేదీ అదే మాట.

ఆ కొలతలన్నీ కలిస్తే ఒక పేరు వస్తుంది, మార్ఫాన్ సిండ్రోమ్. 1896లో ఆంటోయిన్ మార్ఫాన్ అనే ఫ్రెంచి పిల్లల వైద్యుడు వర్ణించాడు. సుమారు ఐదు వేల మందిలో ఒకరికి ఉంటుంది. ఫైబ్రిలిన్-1 అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులో లోపం. ఒంట్లో సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే కణజాలానికి ఈ ఫైబ్రిలిన్ దారం లాంటిది. దారం సరిగా లేకపోతే బట్ట ఎక్కడికక్కడ సాగుతుంది. కీళ్లు వదులు, పాదాలు చదును, కంటి కటకాన్ని పట్టి ఉంచే పోగులు వదులు, వెన్ను సంచి వదులు. ఎముకలు మితిమీరి పొడుగవుతాయి. డాక్టర్లు దీనికి మార్కులు వేస్తారు. బొటనవేలు, మణికట్టు రెండూ కలిస్తే మూడు. వెన్ను సంచి ఉబ్బితే రెండు. చేతులు, కాళ్ల నిష్పత్తికి ఒకటి, చదును పాదాలకు ఒకటి, మైనస్ మూడు దాటిన హ్రస్వదృష్టికి ఒకటి. ఇతనికి ఎనిమిది వచ్చాయి. ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే శరీర లక్షణాలు గట్టిగానే ఉన్నట్టు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది చదివి టేపు తీసి కొలుచుకునేవాళ్లు చాలామంది ఉంటారు. చేతులు పొడుగ్గా ఉండి ఏ జబ్బూ లేనివాళ్లు బోలెడుమంది, బొటనవేలు బయటికి వచ్చే సన్నటి అమ్మాయిలూ ఉంటారు. ఒక్క కొలత ఏదీ చెప్పదు. నిర్ధారించాల్సింది గుండె దగ్గర. బృహద్ధమని, అంటే గుండె నుంచి బయలుదేరే మహా రక్తనాళం, మొదలు దగ్గర వెడల్పయిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

వాళ్లమ్మ గారు మర్నాడు వచ్చారు. నల్లగొండ దగ్గరి పల్లె వాళ్లది. ఇంట్లో ఇంకెవరైనా ఇంత పొడుగా అని అడిగాను.

“మా ఆయన గూడ ఇట్లనే ఉండె సార్. నలభై రెండేండ్లకే పాయె. పొలం కాడ మోటర్ ఏసి వస్తుంటే ఒక్కసారే రొమ్ముల నొప్పొచ్చిందన్నడట, ఎన్కకు వీపులకు పోయిందన్నడట. దవాఖానకు తీస్కపోయేలోపల్నే అయిపాయె. గుండెపోటన్నరు.”

గుండెపోటే అయి ఉండొచ్చు. ఇప్పుడు తేల్చలేం. కానీ హఠాత్తుగా, మొదటి క్షణంలోనే తారస్థాయిలో, చీల్చినట్టు రొమ్ములో మొదలై రెండు రెక్కల మధ్య వీపులోకి పాకే నొప్పి బృహద్ధమని గోడ పొరలుగా చీలినప్పుడు కూడా వస్తుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, చికిత్స మాత్రం ఒకదానికి ఒకటి విరుద్ధం. గుండెపోటుకు ఇచ్చే రక్తం పలుచబరిచే మందులు చీలికకు ప్రమాదం. సీటీ స్కాన్ తీస్తే గానీ తెలియదు. బాగా పొడుగైన సన్నటి మనిషి ఇలాంటి నొప్పితో క్యాజువాలిటీకి వస్తే, వెంట వచ్చినవాళ్లు ‘మార్ఫాన్’ అనో ‘బృహద్ధమని చూడండి’ అనో ఒక్క మాట అనడం చాలా అవసరం.

ఎకో తీయించారు. బృహద్ధమని మొదలు 4.4 సెంటీమీటర్లు. ఇలాంటి రిపోర్టు చూసి ‘మనిషే పెద్దవాడు కదా, నాళమూ పెద్దగా ఉంటుంది’ అని పక్కన పెట్టే పొరపాటు జరుగుతుంది. కొంతవరకు నిజమే, ఒడ్డూ పొడుగును బట్టి నాళం వెడల్పు మారుతుంది. అందుకే ఉత్త సెంటీమీటర్లు కాకుండా వయసు, ఒంటి పరిమాణంతో పోల్చి జడ్ స్కోరు అనే అంకె తీస్తారు. అది 2 దాటితే వెడల్పయినట్టు. కానీ ఎత్తు ఎంత పెరిగితే నాళం అంత పెరుగుతూ పోదు, ఒకచోట ఆగిపోతుంది. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల ఎకోలు చూసినప్పుడు, సగటున రెండు మీటర్లున్న ఆ మనుషుల్లో కూడా నాలుగు సెంటీమీటర్లు దాటినవాళ్లు నూటికి ఐదుగురు లోపే. ఇతనికి 3.5 దగ్గర ఉండాల్సింది 4.4 ఉంది. అది పొడుగు వల్ల వచ్చింది కాదు.

వెడల్పు ఎందుకంత ముఖ్యమంటే, బుడగ ఊదినవాళ్లందరికీ తెలిసిన సంగతే. లోపలి ఒత్తిడి అదే అయినా నాళం వ్యాసం పెరిగిన కొద్దీ గోడ మీద లాగుడు పెరుగుతుంది, గోడ పలచబడుతుంది, ఇంకా సాగుతుంది. దీనికి నొప్పి ఉండదు. మెట్లెక్కితే ఆయాసమూ రాదు. ఇతను ఆ నాళంతోనే ఆదివారాలు స్పైకులు కొడుతున్నాడు.

వాలీబాల్ చరిత్రలో దీనికి ఒక విషాదం ఉంది. అమెరికా జట్టులో ఫ్లో హైమన్ అని ఆరడుగుల ఐదంగుళాల క్రీడాకారిణి, 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టు సభ్యురాలు. 1986 జనవరి 24న జపాన్‌లో మ్యాచ్ మధ్యలో బెంచీ మీదకు వచ్చి కూర్చుని అలాగే ఒరిగిపోయింది. ముప్పై ఒకటేళ్లు. మొదట గుండెపోటన్నారు. పోస్ట్‌మార్టమ్‌లో బృహద్ధమని చీలిందనీ, ఆమెకు మార్ఫాన్ ఉందనీ బయటపడింది. అన్నేళ్లు ప్రపంచస్థాయిలో ఆడిన మనిషికి బతికుండగా ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తర్వాత ఆమె తమ్ముణ్ని పరీక్షిస్తే అతనికీ ఉన్నట్టు తేలింది, ఆపరేషన్ చేశారు.

మన కుర్రాడికి కార్డియాలజిస్టు గారు బీటా బ్లాకర్ మొదలుపెట్టారు. గుండె కొట్టుకునే వేగం, ప్రతి దెబ్బలో ఉండే విసురు తగ్గిస్తే గోడ సాగడం నెమ్మదిస్తుంది. ఆరు నెలలకు మళ్లీ ఎకో, మార్పు లేకపోతే ఏడాదికోసారి. మార్ఫాన్‌లో 5 సెంటీమీటర్లకు చేరితే ఆపరేషన్ చేసి ఆ భాగం మారుస్తారు. ఇంట్లో ఎవరికైనా చీలిన చరిత్ర ఉంటే 4.5 దగ్గరే ఆలోచిస్తారు. తండ్రి సంగతి తేలదు కాబట్టి ఇతని విషయంలో గీత ఎక్కడ గీయాలన్నది డాక్టర్లు ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఒకప్పుడు ఈ జబ్బు ఉన్నవాళ్లు నలభైల్లోనే పోయేవారు. ఇప్పుడు ముందే తెలుసుకుని కనిపెట్టుకుని ఉంటే మామూలు ఆయుర్దాయానికి దగ్గరగా బతుకుతున్నారు.

నా వైపు నుంచి మార్చాల్సినవి కూడా ఉన్నాయి. నేను మొదట్లో ఇచ్చిన వ్యాయామాల్లో ఊపిరి బిగబట్టి బరువులెత్తేవి రెండున్నాయి. ఊపిరి బిగబడితే బీపీ ఒక్క క్షణంలో ఎక్కడికో వెళ్తుంది. అవి తీసేశాను. తెలియక ఇచ్చానని చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, మొదటి రోజే చేతులు కొలిచి ఉంటే ఇచ్చేవాణ్ని కాదు. వాలీబాల్ పోటీలు మానేశాడు, నడక, తేలికపాటి సైకిల్ ఉన్నాయి. ఇంకొకటి, మందుల షాపులో చీటీ లేకుండా కొనే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు బృహద్ధమని సమస్య ఉన్నవాళ్లలో చీలిక ప్రమాదం పెంచవచ్చని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. విరేచనాలకు కొనుక్కుని మింగే మాత్ర అది. అతని ఫోన్‌లో, పర్సులో రెండు చోట్లా రాసి పెట్టించాను.

పొడుగు అన్నది ఒక్క రకం కాదని ఇక్కడ తెలుస్తుంది. వంశంలోనే పొడుగున్నవాళ్లకు కుర్చీతోనూ వాష్‌బేసిన్‌తోనూ పని. కణజాలం వల్ల పొడుగైనవాళ్లకు ఎకోతో పని. మూడో రకం పిట్యూటరీ గ్రంథి వల్ల వచ్చేది. అందరి ఎదుగుదల ఆగిన వయసు దాటాక కూడా చెప్పుల సైజు మారుతూ, ఉంగరాలు బిగుసుకుంటూ, దవడ ముందుకు వస్తుంటే, ఎదుగుదల హార్మోను ఎక్కువైందేమో చెప్పే ఐజీఎఫ్-1ను రక్తంలో చూడాలి. చరిత్రలో అత్యంత పొడుగైన మనిషి రాబర్ట్ వాడ్లోది ఈ కథే. 272 సెంటీమీటర్లు. 1940లో ఇరవై రెండేళ్లకే పోయాడు, గుండెతో కాదు. నడవడానికి కట్టిన కాలి పట్టీ చీలమండ దగ్గర ఒరుసుకుని పొక్కింది, కాళ్లలో స్పర్శ తక్కువ కాబట్టి తెలియలేదు, పుండు చీము పట్టింది.

మార్ఫాన్ తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. నాలుగో వంతు మందిలో మాత్రం ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా వస్తుంది. అందుకే పంజాగుట్ట నిమ్స్‌లో ఉన్న మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లమని చెప్పాను. అతని రక్తంలో లోపం ఏ అక్షరం దగ్గర ఉందో ముందు పట్టుకుంటే, ఇంట్లోవాళ్లలో అదొక్కటే వెతకొచ్చు. మొత్తం జన్యువు చదవనక్కర్లేదు.

ఇంట్లోవాళ్లు అంటే అతని చెల్లెలు. సూర్యాపేటలో ఉంటుంది, పెళ్లయి ఏడాదిన్నర. అన్న పని మీద వచ్చిన రోజు తల్లితో పాటు క్లినిక్‌కు వచ్చింది. ఆమె కూడా పొడుగే. గుమ్మం దగ్గర తల వంచలేదు.

“దీని చేతులు గూడ కొలుస్తరా సార్?” అన్నారు వాళ్లమ్మ గారు.

కొలిచాను. ఎత్తు 176, చేతుల చాపు 175. బొటనవేలు పిడికిలి దాటలేదు. తల్లి మొహంలో కాస్త రంగు వచ్చింది. అది సరిపోదని నేనే చెప్పాల్సి వచ్చింది. ఒకే ఇంట్లో ఒకే లోపం ఒకరికి చేతుల్లో కనిపిస్తే ఇంకొకరికి గుండెలోనే ఉండొచ్చు. గర్భం వస్తే రక్తం పరిమాణం పెరిగి, నాళం గోడలు మెత్తబడి, చీలిక ప్రమాదం నెలలు నిండే రోజుల్లోనూ కాన్పు తర్వాతా ఎక్కువవుతుంది. వెడల్పు ఎంతో ముందే తెలిసి ఉండాలి.

ఎకో ఆ వారమే తీయించుకుంది. 3 సెంటీమీటర్లు, ఆమెకు అది మామూలే. ఇవాళ మామూలుగా ఉన్నది పదేళ్లకు పెరగొచ్చు కాబట్టి రక్తమూ ఇచ్చింది. అన్న రిపోర్టులో లోపం దొరికింది. ఆమెది ఇంకా రాలేదు. పిల్లల సంగతి అది వచ్చేదాకా ఆపుకున్నారు.